రాని పెట్టె - రెండువందల ఎనభై అక్షరాల విన్నపము

చాలా కాలానికి టపా వ్రాస్తున్నాను. ఆలస్యానికి కారణమే ఈ టపాకు విషయము.

2025 ఫిబ్రవరిలో డాలసులో అమ్మాయి ఇంట నాలుగు నెలలు గడిపి, మధ్యలో ఒకచోట విమానం మారి హైదరాబాదు చేరాను. రెండు పెట్టెలు అప్పగించాను. శంషాబాదులో తిరిగే పట్టీ మీద ఒకటే వచ్చింది. తక్కినవారంతా వెళ్ళిపోయినా, పట్టీ ఆగిపోయినా, నేను ఇంకా అక్కడే నిలుచున్నాను. రాని పెట్టెలో ఉన్నవి బట్టలు, మందులు, మా నాన్నగారి చేతివ్రాత పుస్తకం. ఆయన ఆయా సందర్భాలలో చెప్పిన పద్యాలను ఒక రూళ్ళ పుస్తకంలో సిరాతో వ్రాసుకున్నారు. దానికి మరొక ప్రతి లేదు. మనవడికి యూనికోడులో టైపు చేయడం నేర్పుతూ ముప్పైయొక్క పుటలు పూర్తి చేయించాను. మిగిలిన సగం ఆ పెట్టెలోనే ఉన్నది. చేతిసంచిలో పెట్టుకొనవలసిన వస్తువును పెద్ద పెట్టెలో పెట్టడం నా తప్పు. ఆ విషయంలో ఎవరినీ అనను.

అక్కడి బల్ల దగ్గర అమ్మాయి ఫిర్యాదు నమోదు చేసుకొని, ఒక పటం చూపి, పెట్టె ఏ ఆకారములో ఉంటుందో, ఏ రంగో గుర్తించమన్నది. పది అక్షరాల ఫైలు సంఖ్య ఇచ్చింది: మొదట HYD, తరువాత సంస్థకు రెండక్షరాల గుర్తు, ఆపైన ఐదు అంకెలు. ఈ కాగితం తీసుకోకుండా విమానాశ్రయం దాటి బయటికి రాకూడదు. తరువాతి వెతుకులాట అంతా ఈ సంఖ్య మీదనే నడుస్తుంది.

ఐదు రోజులు గడిచాయి. ఫోను చేస్తే "వెతుకుతున్నాము" అన్న మాట తప్ప మరొకటి లేదు. అప్పుడు మా అల్లుడు, ఆ సంస్థ సహాయవిభాగపు ఖాతాను పేర్కొంటూ ఎక్స్‌లో బహిరంగంగా వ్రాయమన్నాడు. వ్రాశాను. పంపే ముందు అతనికి చదివి వినిపించాను. "వృద్ధుడనైన నన్ను", "నిర్లక్ష్యమునకు పరాకాష్ఠ", "పితృదేవుల అక్షరాలు" అన్న మాటలు అందులో ఉన్నాయి.

"మామయ్యగారూ, ఇందులో పెట్టె ఏ రంగో లేదండీ" అన్నాడతడు.

నిజమే. ముప్పైయేళ్ళు పిల్లలకు లేఖారచన బోధించినవాడిని. విషయం ముందు, విశేషణం తరువాత అని ఎర్రసిరాతో ఎన్ని వందల కాగితాల మీద వ్రాశానో! నా కాగితానికి నేనే సున్నా వేసుకొనవలసి వచ్చింది. సరే, అది కొట్టివేసి మళ్ళీ మొదలుపెట్టాను.

అక్కడ 280 అక్షరాలే హద్దు. తెలుగులో వ్రాద్దామని చూస్తే, గుణింతపు గుర్తు ఒకటిగా, పొల్లు ఒకటిగా లెక్క పడుతుంది. మనం ఒక్క అక్షరమనుకొనే "స్త్రీ" అక్కడ ఆరు. అవతల చదివేవారికి తెలుగు వచ్చునో రాదో కూడా తెలియదు కనుక ఇంగ్లీషులోనే వ్రాశాను. దాని తాత్పర్యం ఇది:

"నమస్కారము. ఫిబ్రవరి 11న డాలసు నుండి హైదరాబాదు చేరాను. రెండు పెట్టెలలో ఒకటి రాలేదు. అదే రోజున ఫిర్యాదు నమోదైనది. నల్లని గుడ్డపెట్టె, పిడికి పసుపు నాడా. లోపల తెలుగు చేతివ్రాత పుస్తకం. చివరిసారి ఈ పెట్టె ఎక్కడ స్కాన్ అయినదో తెలుపగలరు. ఫైలు సంఖ్య విడిగా పంపుతాను."

ఇందులో రెండు వాక్యాలను గూర్చి చెప్పాలి. మొదటిది చివరి ప్రశ్న. "నా పెట్టె ఎక్కడ?" అని అడిగితే "వెతుకుతున్నాము" అనవచ్చు. "చివరిసారి ఎక్కడ స్కాన్ అయినది?" అని అడిగితే ఒక ఊరి పేరు చెప్పవలసివస్తుంది. పెట్టెను మన వద్ద తీసుకొన్నప్పుడు, విమానంలోకి ఎక్కించినప్పుడు, ఒక సంస్థ మరొక సంస్థకు అప్పగించినప్పుడు, మనకు తిరిగి ఇచ్చినప్పుడు నమోదు చేయాలన్న నియమాన్ని 2018 జూన్ నుండి అంతర్జాతీయ విమాన సంస్థల సంఘము తన సభ్యులకు విధించింది. పెట్టెకు కట్టే తెల్లని చీటీ మీద పది అంకెలుంటాయి. నమోదు అయ్యేది అదే సంఖ్య. దాని తునక మన బోర్డింగు కాగితానికి అంటించి ఇస్తారు, పారవేయరాదు.

రెండవది పుస్తకం మాట. మొదటి చిత్తులో అది శోకంగా ఉన్నది, రెండవదానిలో ఆనవాలుగా మారింది. చీటీ ఊడిపోయిన పెట్టె దొరికితే దానిని తెరచి, లోపలి వస్తువులు వ్రాసుకొని, ఫిర్యాదులలోని పట్టికలతో సరిపోల్చుతారట. చొక్కాలు, తువాళ్ళు అందరి పెట్టెలలోనూ ఉంటాయి. సిరాతో వ్రాసిన తెలుగు రూళ్ళ పుస్తకం ఎన్నింటిలో ఉంటుంది? ఫైలులో కూడా ఈ వాక్యాన్ని చేర్పించాను.

ఫైలు సంఖ్య, టికెట్టు సంఖ్య, ఫోను నంబరు మాత్రం బహిరంగంగా పెట్టలేదు. టికెట్టు సంఖ్యకు ఇంటిపేరు తోడైతే చాలు, ఎవరైనా మన ప్రయాణపు వివరాలలో చేయి పెట్టవచ్చు. పది నిమిషాలలోనే ఆ సంస్థ ముద్రతో ఒక ఖాతా "అయ్యా, మీ వాట్సాప్ నంబరు ఇవ్వండి, నష్టపరిహారం వెంటనే జమచేస్తాము" అన్నది. పెట్టె ఊసే లేదు! పేరులో ఒక అడ్డగీత అదనంగా ఉన్నది, ఖాతా పుట్టి నెల కూడా కాలేదు. సంస్థవారి సొంత వెబ్‌సైటులో ఇచ్చిన ఖాతా పేరుతో పోల్చి, అది దొంగదని తెలుసుకొన్నాము.

అసలువారు మరునాడు పలికారు. విడిగా ఫైలు సంఖ్య తీసుకొని, సాయంత్రానికి ఒక వాక్యం వ్రాశారు: డాలసులో విమానం ఎక్కినట్టు నమోదున్నది, ఆ తరువాత లేదు. అంటే విమానం మారిన ఊరిలోనే చీటీ ఊడి ఉండాలి. వెతకవలసిన చోటు ఒక్క ఊరికి దిగింది. మూడవ నాటికి, చీటీ లేని పెట్టెల మధ్య "గుండ్రని అక్షరాల నోటు పుస్తకం" ఉన్న నల్లపెట్టె దొరికిందని కబురు వచ్చింది.

ఈలోగా అల్లుడు మరొక పని చేయించాడు. బహిరంగంగా వ్రాసిన మాట చట్టం అడిగే లిఖిత ఫిర్యాదుగా చెల్లుతుందని నమ్ముకొనరాదు కనుక, సంస్థ వెబ్‌సైటులోని ఫారంలోనూ అవే వివరాలు నింపించాడు. అంతర్జాతీయ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒడంబడిక ప్రకారం, పెట్టె రావలసిన నాటినుండి 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్కించి పరిహారం అడగవచ్చు. ఆలస్యంగా వస్తే, చేతికి అందిన 21 రోజులలోగా వ్రాయాలి. దెబ్బతిని వస్తే గడువు 7 రోజులే. పరిహారానికి పరిమితి 2024 డిసెంబరు 28 నుండి మనిషికి 1,519 ఎస్‌డీఆర్. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్కకట్టే ఒక మారకపు కొలత. ఫారంలో వస్తువుల పట్టిక, ఎదుట వెల అన్న గడి ఉన్నాయి. చొక్కాలకు, మందులకు వ్రాశాను. పుస్తకం దగ్గర చాలాసేపు ఆగి, చివరకు "40 రూపాయలు" అని వ్రాశాను. నోటు పుస్తకం వెల అంతే కదా.

పదకొండవ నాడు పెట్టె ఇంటికి వచ్చింది. జిప్పు చిరిగి, తాడుతో కట్టి ఉన్నది. తెచ్చిన కుర్రవాడు "సంతకం పెట్టండి సార్" అంటే, అతడి కాగితం మీద "జిప్పు చిరిగినది" అని వ్రాసిన పిదపనే పెట్టాను. అదే రాత్రి ఫోటో తీసి సంస్థకు పంపాను. బహిరంగంగా వ్రాసినదాని కింద "పెట్టె అందినది, కృతజ్ఞతలు" అని ఒక వాక్యం చేర్చాను.

పుస్తకం అట్ట ఒక మూల తడిసి ఉబ్బింది. సిరా నాలుగు పుటలలో అలుముకొన్నది. మూడు పుటలు పోల్చుకొనగలిగాను. నాలుగవదానిలో ఒక పద్యం రెండవ పాదం యతిస్థానం దగ్గర ఆగిపోతున్నది. మనవడు రోజూ ఫోనులో అడుగుతున్నాడు, "తాతయ్యా, ఆ మాట దొరికిందా?" అని. ముందు మిగిలిన పుటలన్నింటికీ ఫోటోలు తీసి వాడికి పంపాను.