రోజుకో డ్రమ్ము మట్టి

కాలేజీలో ఉన్నన్నాళ్ళూ మన క్లబ్బుకి కవితలు రాశాను. ఉద్యోగంలో చేరాక తెలుగులో రాసింది మాత్రం ఒకే ఒక్క ఉత్తరం, అదీ ఒక కాంట్రాక్టరుకి. ఈసారి పత్రికకి ఏదైనా పంపమని అడిగితే నాకు అదే గుర్తొచ్చింది.

2025 ఏప్రిల్. పాతబస్తీలో, శాలిబండ వైపు ఒక ఇరుకు గల్లీలో సెల్లారు కోసం నాలుగు మీటర్ల గుంత తవ్విస్తున్నాం. నేను ఓనరు తరఫు సైట్ ఇంజనీర్ని. మట్టి పరీక్షకి స్థలం రెండు మూలల్లో బోర్లు వేశారు. పైన రెండు మీటర్లు పోసిన మట్టి, ఆ కింద గట్టి మొరం, ఆరు మీటర్ల దాకా నీళ్ళు లేవు. రిపోర్టులో ఉన్నది అంతే.

తూర్పు వైపు 2.7 మీటర్ల దగ్గర గోడ చెమర్చింది. మధ్యాహ్నానికి అది ధార అయింది. మొరం ఉండాల్సిన చోట నల్లమట్టి, బూడిద, సున్నపు పెళ్ళలు, కుండ పెంకులు బయటపడ్డాయి. 12 ఎంఎం రాడ్డు తీసుకుని చేత్తో నెడితే మీటరు లోతుకి దిగిపోయింది. ఆ గోడకి 1.2 మీటర్ల అవతల రాయీ సున్నంతో కట్టిన పాత ఇల్లు. దాని పునాది మహా అయితే మీటరు లోతు ఉంటుంది. అందులో ఒక ముసలావిడ ఉంటుంది. రోజూ మా కూలీలకి చల్లటి నీళ్ళిచ్చేది ఆవిడే.

కాంట్రాక్టరన్నది పాలమూరు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. "సారూ, ఊట అన్నంక వస్తది. మోటరు పెడితే పోతది. రేపటికల్లా నాలుగు మీటర్లు కొట్టేస్తం" అన్నాడు.

నాకు అనుమానం రెండు విషయాల మీద. మొదటిది, ఏప్రిల్ ఎండల్లో, బోరు ఆరు మీటర్ల దాకా పొడిగా ఉన్న చోట నీళ్ళెలా వచ్చాయి? రెండోది, ఆ నీళ్ళ రంగు. ఊట తేటగా వస్తే అది నీళ్ళ సమస్య. మట్టి రంగులో వస్తే అది నేల సమస్య, ఎందుకంటే నీళ్ళతోపాటు నేల కూడా కదిలి వచ్చేస్తోంది. అప్పుడు మోటారు పెట్టి ఎంత గట్టిగా లాగితే పక్కింటి కింద అంత ఖాళీ ఏర్పడుతుంది.

ధార కింద బకెట్ పెట్టాను. ఇరవై లీటర్లు నిండటానికి 40 సెకన్లు పట్టింది. ఒక సీసా నింపి నీడలో పెట్టాను. సాయంత్రానికి 25 సెంటీమీటర్ల నీటి కింద రెండున్నర మిల్లీమీటర్ల మట్టి పేరుకుంది. అంటే నూటికి ఒక వంతు.

ఆ రాత్రి ఇంగ్లీషులో ఒక లేఖ టైపు చేశాను. ఐఎస్ 3764 ప్రకారం తవ్వకం నిలిపివేయుట మంచిదని భావిస్తున్నాము, అన్న ధోరణిలో ఉంది. మా సీనియర్ చదివి, "ఇది ఆయన కోసం రాశావా, రేపు నిన్ను నువ్వు కాపాడుకోడానికి రాశావా?" అని అడిగారు. అన్నకి ఇంగ్లీషు రాదు. కొడుకు వచ్చి చదివి చెప్పేసరికి మర్నాడు సాయంత్రమవుతుంది, గుంత నాలుగు మీటర్లకి దిగిపోతుంది. దాన్ని పక్కనపెట్టి తెలుగులో మళ్ళీ రాశాను.

"అన్నా, నమస్తే. రేపు పొద్దున తవ్వకం మొదలుపెట్టొద్దు. డ్రైవరు తప్ప ఎవరూ గుంతలోకి దిగొద్దు.

కారణం ఇది. తూర్పు గోడలో రోజుకి సుమారు 43 వేల లీటర్ల నీళ్ళు వస్తున్నాయి. సీసాలో తేలిన లెక్క ప్రకారం అందులో 430 లీటర్లు మట్టి. అది వదులుగా పేరుకున్నది కాబట్టి సగమే అనుకుందాం. అయినా మన నీలం డ్రమ్ముతో రోజుకో డ్రమ్ము మట్టి పక్కింటి వైపు నుంచి పోతోంది. సీసా ఆఫీసు కిటికీలో పెట్టాను, మీరే చూడండి.

ఊట మీద మోటారు పెట్టొద్దు. జేసీబీని పడమటి వైపు గట్టి మొరం మీద నిలబెట్టి, ఊట వచ్చే చోట ముందు ఇసుక, దాని మీద కంకర, ఆపైన బరువుకి ఇసుక బస్తాలు వేయించండి. నీళ్ళు రావాలి, మట్టి రాకూడదు. తేటగా వచ్చిన నీళ్ళని పడమటి మూల గుంటలోకి మళ్ళించి అక్కడినుంచి తోడండి. గల్లీ వైపు గట్టు మీద ఉన్న మట్టి కుప్ప తీయించండి.

పక్కింటి తూర్పు గదిలోకి అమ్మని మారమని నేను చెబుతాను.

పన్నెండు మంది కూలి, జేసీబీ ఖాళీగా ఉన్న గంటలు రోజూ రిజిస్టరులో రాసి ఇద్దరం సంతకం పెడదాం. డబ్బు ఇప్పిస్తానని మాట ఇవ్వలేను, కానీ అడగడానికి మీ దగ్గర కాగితం ఉంటుంది.

నీళ్ళు ఎక్కడివో, ఈ పోసిన మట్టి ఎంత దూరం ఉందో తేలి, డిజైన్ ఇంజనీరు చూసి రాసిచ్చాక మొదలుపెడదాం."

పొద్దున అన్న గేటు దగ్గరే నిలబడి చదివాడు. ముందు కోపమొచ్చింది. "సలహానా ఇది, ఆర్డరా?" అన్నాడు. పని ఆపే అధికారం ఓనరుదే, నాది సలహానే అని చెప్పాను. లోపలికెళ్ళి కిటికీలో సీసా పైకెత్తి చూశాడు. కాసేపాగి, "దోమలపెంట సొరంగంల గూడ ముందు ఊటనే అన్నరు" అన్నాడు. అప్పటికి రెండు నెలల కిందటే, ఫిబ్రవరి 22న, ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. పాలమూరు వాళ్ళకి అది పేపర్లో చదివిన వార్త కాదు. జేసీబీ తాళం తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఇసుక కోసం ఫోన్ చేశాడు.

సంగతి తేలడానికి నాలుగు రోజులు పట్టింది. బకెట్ నిండే సమయం గంట గంటకీ రాసుకున్నాం. గల్లీలో నల్లా నీళ్ళు వదిలిన రోజు ఊట పెరిగింది, ఆపాక మెల్లగా తగ్గింది. క్లోరిన్ పరీక్ష చుక్కలు వేస్తే నీళ్ళు లేత పసుపుకి తిరిగాయి. పసుపు రాకపోయినా నల్లా నీళ్ళు కావని చెప్పలేం, మట్టిలో పారేటప్పుడు క్లోరిన్ తగ్గిపోతుంది. ఇక్కడ రెండు ఆధారాలూ కలిశాయి. గల్లీ కింద పైపు జాయింటు కారుతోంది.

మరి ఆ వదులు మట్టి? తూర్పు వైపు మీటరు మీటరుకీ రాడ్డు దింపి చూస్తే, మెత్తగా దిగిన చోట్లన్నీ కలిపి ఒక వంపు వచ్చింది. వంపు అంచున కట్టుడు రాళ్ళు తగిలాయి. అది ఎప్పుడో పూడ్చేసిన బావి. రెండు బోర్లకీ మధ్యలో పడి రిపోర్టుకి చిక్కలేదు. 1591లో చార్మినార్ కట్టిన ఊరు ఇది. ఇక్కడ నేలలో పై పొర చాలాచోట్ల మనుషులు పోసిందే, రెండు బోర్లతో దాన్ని నమ్మకూడదని అప్పుడు తెలిసింది.

పక్కింటి గోడ పగులుకి అడ్డంగా పెన్సిల్ గీతలు పెట్టాం. రెండోరోజు ఒక మిల్లీమీటరు జరిగి ఆగిపోయింది. పైపు బాగయ్యాక, బావిలో మట్టిని కొంచెం కొంచెంగా తీసి, తీసినంత మేర అదే రోజు కాంక్రీటు నింపుతూ వెళ్ళాం. పని పదకొండు రోజులు ఆగింది. అన్న అడిగిన డబ్బులో ఓనరు సగమే ఇచ్చాడు. రిజిస్టరు లేకపోతే అదీ వచ్చేది కాదు.

మొన్న అన్న ఇంకో సైటు నుంచి ఫోన్ చేశాడు. "సారూ, ఈడ ఊటొచ్చింది. సీసల పట్టి పెట్టిన. తేటగనే ఉంది. అయినా పని ఆపిన. ఒకసారి వచ్చి చూస్తరా?"