ఆలస్యం సరే... ఎక్కడ?

మా అమ్మమ్మ తద్దినానికి మా అమ్మ కిందటేడు వెళ్లలేకపోయింది. వెళ్లలేకపోయింది అనడం కూడా తప్పే. వెళ్లింది. కాకపోతే తెనాలిలో మా మావయ్య గుమ్మం ఎక్కేసరికి మధ్యాహ్నం రెండున్నర. భోక్తలు వెళ్లిపోయారు, వడ్డనలు అయిపోయాయి, విస్తళ్లు ఎత్తేశారు. మావయ్య ఏమీ అనలేదట. అమ్మ కూడా నన్నేమీ అనలేదు. అదే ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఎందుకంటే ఆ రైలు తప్పించింది నేనే!

అమ్మ ఉండేది వరంగల్‌లో. నేనుండేది హైదరాబాద్‌లో. ఆరోజు రైలు వరంగల్‌కి ఉదయం 6.20కి రావాలి. పదింటికల్లా తెనాలి. ముందురోజు సాయంత్రం రైల్వే ప్రకటన ఒకటి నా కంటబడింది. అందులో అమ్మ ఎక్కాల్సిన రైలు నంబరుంది. పక్కన ‘90 నిమిషాలు రెగ్యులేట్’ అని ఉంది. వెంటనే ఫోన్ చేశాను. ‘‘అమ్మా, రైలు గంటన్నర లేటట. తెల్లవారుజామునే చీకట్లో పరుగులు పెట్టకు. తీరిగ్గా ఏడింటికి బయల్దేరు, చాలు’’ అన్నాను. కొడుకు పత్రికలో పనిచేస్తాడు, వాడికి తెలియకుండా ఉంటుందా అనుకుంది పాపం. ఏడుంబావుకి స్టేషన్‌కి వెళ్తే ‘ఆ బండి 6.25కే వెళ్లిపోయిందమ్మా’ అన్నారు. మధ్యలో దొరికిన రైలేదో పట్టుకుని, విజయవాడలో దిగి, బస్సెక్కి తెనాలి చేరింది.

‘మరి 90 నిమిషాల లేటు ఏమైంది?’ అన్నది నా కోపం. దానికి సమాధానం మా వీధి చివర ఉండే పెద్దాయన చెప్పారు. రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. ఏ రైలుని ఏ స్టేషన్‌లో ఆపాలి, ఏది ముందు వదలాలి అని గంటగంటకీ తేల్చే ఉద్యోగం అది. అందరం బాబాయిగారనే పిలుస్తాం. నా ఫోన్‌లో ఆ ప్రకటన చూసి నవ్వారు.

‘‘బండి లేటే. కానీ ఎక్కడ లేటు? ఇందులో రాసే ఉంది కదయ్యా, కొండపల్లి-విజయవాడ మధ్య లైన్ బ్లాక్ అని. మీ అమ్మగారు ఎక్కేది వరంగల్‌లో. అక్కడికి బండి టైముకే వస్తుంది. ఆగేదల్లా ఆ పని దగ్గరికి వెళ్లాకే!’’

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఒకప్పుడు డెస్కులో ఇలాంటి ప్రకటనల్ని కుదించి వేసింది కూడా నేనే. చోటు చాలకపోతే ముందు ఎగరగొట్టేది ఆ ‘ఫలానా-ఫలానా స్టేషన్ల మధ్య’ అనే ముక్కనే. ‘ఈ రైళ్లు ఆలస్యంగా నడుస్తాయి’ అని ఒక్క వాక్యంలో కట్టేసేవాణ్ని. అలా ఎన్ని ఇళ్లలో ఎంతమందికి రైళ్లు తప్పించానో!

బాబాయిగారు ఆ సాయంత్రం కాఫీ తాగుతూ చెప్పిన సూత్రం ఒక్కటే. రైల్వే వాడే ప్రతి మాటలోనూ ఒక చోటు దాగి ఉంటుంది. రీషెడ్యూల్ అంటే మార్పు రైలు బయల్దేరే చోట. రెగ్యులేట్ అంటే దారిలో. డైవర్ట్ అంటే దారే వేరు. షార్ట్ టెర్మినేట్ అంటే చివర. ఆ చోటుకి మనం ఎక్కే స్టేషన్ ముందుందా, వెనకుందా అన్నదే చూసుకోవాలి.

‘రెగ్యులేట్’ దగ్గరే ఎక్కువమంది పప్పులో కాలేస్తారట. నిఘంటువు చూస్తే ‘క్రమబద్ధం చేయడం’ అని ఉంటుంది. అది చదివితే అంతా సవ్యంగా ఉందనిపిస్తుంది. రైల్వే భాషలో మాత్రం, టైముకి బయల్దేరిన బండిని దారిలో కావాలని ఆపి ఉంచడం. పట్టాలు మార్చడమో, వంతెన పనో ఉంటే ఆ లైన్‌ని రెండు మూడు గంటలపాటు ఇంజినీర్లకి అప్పగిస్తారు. దాన్నే లైన్ బ్లాక్ అంటారు. ఆ సమయంలో రావాల్సిన బండిని ముందే ఏదో ఒక స్టేషన్‌లో పక్క లైన్‌లోకి తీసుకుని నిలబెడతారు. ఒక్కోసారి ఒకేచోట 90 నిమిషాలు ఆపకుండా ఇక్కడ ఇరవై, అక్కడ నలభై అని పంచుతారు. పని తొందరగా అయిపోతే తొందరగానే వదిలేస్తారు. అంటే ప్రకటనలోని నిమిషాలు ఒక అంచనా మాత్రమే. పని చోటుకి అవతల ఎక్కేవాళ్లు కూడా ‘ఎలాగూ గంటన్నర లేటే కదా’ అని ధీమాగా కూర్చోడానికి లేదు.

‘‘మరి ఫోన్‌లో రైలు ఎక్కడుందో కనిపిస్తుంది కదా?’’ అన్నాను. కనిపిస్తుంది. చాలా ఇంజిన్లలో ఇప్పుడు ఇస్రో సహకారంతో రూపొందించిన పరికరాలు ఉన్నాయి. బండి ఎక్కడుందో 30 సెకన్లకోసారి కబురు పంపుతాయి. అయితే అవి చెప్పేది బండి ఇప్పుడు ఎక్కడుందనే. ముందు ఎక్కడ ఆపబోతున్నారో ఆ పరికరానికేం తెలుసు? ముందు స్టేషన్లకి చూపించే సమయం సాధారణంగా ఇప్పటివరకూ జరిగిన ఆలస్యాన్ని బట్టి వేసిన లెక్క. అందుకే ఆరోజు వరంగల్‌లో టైముకే వచ్చిన బండి, తెనాలికీ టైముకే వెళ్తుందన్నట్టు కనిపించి ఉంటుంది. కొండపల్లి దగ్గర నిలబడ్డాక గానీ అంకెలు మారవు. కాబట్టి ప్రకటననీ, ఫోన్‌నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒకటి రేపటి సంగతి చెబుతుంది, రెండోది ఈ నిమిషం సంగతి చెబుతుంది.

నేను అమ్మకి చెప్పిన సలహా ‘రీషెడ్యూల్’ అయిన రైలుకైతే కొంతవరకూ సరిపోయేది. అక్కడ మొదటి స్టేషన్ నుంచే బండి ఆలస్యంగా కదులుతుంది. చాలాసార్లు కారణం చిన్నదే. ఒక రైలుగా వచ్చిన పెట్టెలే శుభ్రం చేసి, నీళ్లు పట్టి, తనిఖీ చేశాక మరో నంబరుతో మరో రైలుగా వెళ్తాయి. వచ్చేది ఆలస్యమైతే వెళ్లేదీ ఆలస్యమే. మొదటి స్టేషన్‌లో ఎక్కేవాళ్లకి కొత్త సమయం లెక్క. మధ్యలో ఎక్కేవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. టైంటేబుల్‌లో అక్కడక్కడా కాస్త అదనపు సమయం దాచిపెడతారు. మూడు గంటలు లేటుగా బయల్దేరిన బండి ఆ సమయాన్ని వాడుకుని రెండు గంటల నలభై నిమిషాల లేటుతో మన ఊరు చేరిపోవచ్చు. ఆ ఇరవై నిమిషాలే మన కొంప ముంచుతాయి.

మూడోది ‘దారి మళ్లింపు’. ఇందులో లేటు కాదు, అసలు రైలే రాకపోవడం ఉంటుంది. 2024 సెప్టెంబరు 1న భారీ వర్షాలకి ఇంటికన్నె-కేసముద్రం మధ్య పట్టాల కింద మట్టి, కంకర కొట్టుకుపోయాయి. కాజీపేట-విజయవాడ మార్గం తెగిపోయింది. చాలా రైళ్లు రద్దయ్యాయి. కొన్నింటిని పగిడిపల్లి, నడికుడి, గుంటూరు మీదుగా పంపారు. ఈ దారిని సికింద్రాబాద్‌లో ఎక్కి విజయవాడలో దిగేవాళ్ల వైపు నుంచి చూడండి. ఆలస్యమైనా బండి విజయవాడ చేరితే చాలు, వాళ్ల పని అయినట్టే. అదే టికెట్ వరంగల్ నుంచో, ఖమ్మం నుంచో ఉంటే? పగిడిపల్లి దగ్గరే బండి పక్కకి తిరిగిపోతుంది. కాజీపేట, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం... ఏవీ తగలవు. చెన్నై వెళ్లే బండి గుంటూరు నుంచి నేరుగా తెనాలి మీదుగా వెళ్లిపోతే విజయవాడ కూడా తగలదు. రైలు నడుస్తోందని ఫోన్ చెబుతుంది. అది నిజమే. మన ఊరికి రాదన్నదీ అంతే నిజం. అందుకే ‘డైవర్టెడ్’ అని కనిపిస్తే నిమిషాలు కాదు, స్టేషన్ల జాబితా చూడాలి.

చివరిది ‘షార్ట్ టెర్మినేట్’. గమ్యానికి ముందే ప్రయాణం ముగించేయడం. పత్రికల్లో ‘పాక్షికంగా రద్దు’ అని వస్తుంది. కాజీపేట వైపు నుంచి సికింద్రాబాద్ రావాల్సిన బండిని చర్లపల్లిలోనే ఆపేశారనుకోండి. దిగి ఆటో మాట్లాడుకుంటే సరిపోతుందని వచ్చేవాళ్లు సర్దుకుంటారు. అసలు చిక్కు తిరుగు ప్రయాణంలో ఉంది. ఆ పెట్టెలే సాయంత్రం వెనక్కి వెళ్లాల్సినవైతే, ఆ బండి సికింద్రాబాద్‌కి రాదు, చర్లపల్లిలోనే బయల్దేరుతుంది. టికెట్ మీద సికింద్రాబాద్ అనే ఉంటుంది. పొద్దున్న వచ్చే రైలు కబురు మనకెందుకులే అని వదిలేసినవాళ్లు సాయంత్రం ప్లాట్‌ఫాం మీద ఎదురుచూస్తూ ఉండిపోతారు.

వీటన్నిటికీ తోడు ప్రకటనల్లో జేసీఓ అని మూడక్షరాలు కనిపిస్తాయి. అంటే ప్రయాణం మొదలైన తేదీ... మనది కాదు, రైలుది. పదో తేదీ రాత్రి మొదటి స్టేషన్‌లో బయల్దేరి, అర్ధరాత్రి దాటాక రెండింటికి మన ఊరొచ్చే బండికి మన టికెట్ మీద పదకొండు ఉంటుంది. ప్రకటనలో మాత్రం పదే ఉంటుంది. ‘మనది పదకొండు కదా, మనకి సంబంధం లేదు’ అనుకున్నామో, అయిపోయామే.

ఇక డబ్బు సంగతి. మనం ఎక్కే స్టేషన్‌లో బండి మూడు గంటలకు మించి ఆలస్యమై, ప్రయాణం మానుకుంటే మొత్తం సొమ్ము తిరిగి అడగొచ్చు. అయితే బండి అక్కణ్నుంచి కదలకముందే అడగాలి. ఆన్‌లైన్ టికెట్‌కి టీడీఆర్ దాఖలు చేయాలి. కౌంటర్ టికెట్‌ అయితే అప్పగించాలి. దారి మళ్లించిన బండిలో వెళ్లడం ఇష్టం లేకపోయినా సొమ్ము వాపసు అడగొచ్చు. ఆన్‌లైన్ టికెట్‌కి బండి మన స్టేషన్‌లో బయల్దేరాల్సిన సమయం నుంచి 72 గంటల గడువుంటుంది. రెండింటిలోనూ మూలసూత్రం ఒకటే. చూసేది మనం ఎక్కే స్టేషన్‌నే. దారిలో గంటన్నర ఆపుతామన్న బండి మన స్టేషన్‌కి టైముకి వచ్చి వెళ్లిపోతే, మనకి మిగిలేదేమీ లేదు. అమ్మ టికెట్ డబ్బులు అలాగే పోయాయి.

ఈ ఏడాది తద్దినానికి ముందురోజు నేను ఫోన్ చేసేలోపే అమ్మ చేసింది. ‘‘ఏరా, మళ్లీ మన బండి నంబరు వేశారట కదా. రీషెడ్యూలా, రెగ్యులేటా?’’ అంది. రెగ్యులేటే అన్నాను. ‘‘ఎక్కడట?’’

విజయవాడకి ఇవతల, 90 నిమిషాలు. ‘‘అయితే నేను మామూలు టైముకే వెళ్తా’’ అని పెట్టేసింది. మర్నాడు ఆరింటికే వరంగల్ ప్లాట్‌ఫాం మీద ఉంది. బండి టైముకే వచ్చింది. కొండపల్లిలో నిలబెట్టారు. అయితే 90 కాదు, 50 నిమిషాలే. పదకొండింటికి తెనాలిలో దిగింది. పన్నెండున్నరకి మావయ్య ఫోన్ నుంచి అమ్మ గొంతు వినిపించింది. వెనక గిన్నెల చప్పుడు. ‘‘ఇప్పుడే వడ్డిస్తున్నామురా, మళ్లీ మాట్లాడతా’’ అంది.