సబ్బు కంటే ముందు ఒక కాగితం

మాది ఉట్నూరు వైపు. ఇప్ప నూనె దీపానికీ వంటకూ మా అవ్వల కాలం నుంచి ఉన్నదే. దాంతో సబ్బు చేయడం మాత్రం మాకు కొత్త. ఇప్పుడు నేను హుస్నాబాద్ దగ్గర ఒక బడిలో సైన్స్ చెప్తున్నాను. పదో తరగతి పాఠంలో సబ్బు తయారీ వస్తుంది. ఆ పాఠాన్ని ఇప్ప నూనెతో చేసి చూపిద్దామనుకున్నప్పుడు ముందుగా ఒక తెల్లకాగితం మీద నాలుగు గడులు గీశాను: ఏది హాని చేస్తుంది, ఎంత తీసుకుంటాం, ఎట్లా అదుపు చేస్తాం, జరిగితే ఏం చేస్తాం.

హాని చేసేది నూనె కాదు, కాస్టిక్ సోడా. చర్మాన్ని తినేస్తుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. అయితే "కాస్టిక్ సోడా ప్రమాదం" అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఆ కాగితం దేనికీ పనికిరాదు. మా బడిలో, మా చేతుల్లో అది ఎట్లా హాని చేస్తుందో రాయాలి. హాస్టల్లో అందరి దగ్గరా ఉండేది అల్యూమినియం గిన్నె. సోడా నీళ్ళు అందులో పోస్తే గిన్నెను తింటూ హైడ్రోజన్ వాయువును వదులుతాయి. పక్కన పొయ్యి ఉంటే అది అంటుకుంటుంది. అందుకే స్టీలు గిన్నె, లేదా వేడికి ఆగే మందపాటి ప్లాస్టిక్ డబ్బా అని రాశాను. ఇంకొకటి, కరిగిన సోడా అచ్చం మంచినీళ్ళలా కనబడుతుంది. ఎండాకాలం దాహంతో వచ్చిన పిల్లవాడు ఎత్తి తాగేయగలడు. కనుక నీళ్ళ సీసాలో పోయకూడదు, గిన్నె మీద పెద్ద అక్షరాలతో పేరుండాలి, ఒక మనిషి దాని దగ్గర నుంచి కదలకూడదు.

రెండో గడి పరిమాణం. మొదటిసారి కాబట్టి 100 గ్రాముల నూనే చాలనుకున్నాను. ఒక గ్రాము ఇప్ప నూనెకు సుమారు 135 మిల్లీగ్రాముల కాస్టిక్ సోడా పడుతుంది. అంటే 100 గ్రాములకు 13.5 గ్రాములు. సోడా మిగిలితే సబ్బు ఒంటిని మండిస్తుంది, కాబట్టి అయిదు శాతం తగ్గించి 12.8 గ్రాములు రాశాను. ఈ అంకె రాసినాకనే తక్కెడ సంగతి తట్టింది. వంటింటి తక్కెడ నిండు గ్రాములే చూపిస్తుంది. ఒక గ్రాము అటూ ఇటూ అయితే నేను తగ్గించిన ఆ అయిదు శాతం మొత్తం పోతుంది. కనుక గ్రాములో పదో వంతు చూపే ప్రయోగశాల తక్కెడే వాడాలని అదే గడిలో చేర్చాను.

నీళ్ళు 35 మిల్లీలీటర్లు. సోడా కరిగేటప్పుడు చాలా వేడి పుడుతుంది. మే నెలలో ట్యాంకు నీళ్ళు ముందే వేడిగా ఉంటాయి. వాటిలో సోడా అంతా ఒక్కసారే వేస్తే మరిగి చిందుతుంది. అందుకే కుండ నీళ్ళు తీసుకోవాలి, గిన్నెను చల్లనీళ్ళ తొట్టిలో పెట్టాలి, సోడాను చెంచా చెంచాగా నీళ్ళలో వేయాలి. సోడా మీద నీళ్ళు పోయకూడదు. ఆ ఆవిరి పీల్చకుండా వరండాలో చేయాలి. కరిగించే పని నాది, పిల్లలది కాదు. పిల్లల్ని దూరంగా ఉంచడం గ్లవ్స్ కంటే గట్టి అదుపు. గ్లవ్స్, కళ్ళద్దాలు ఆ తరువాత.

చివరి గడిలో "నీళ్ళతో కడగాలి" అని రాయడం తేలికే. ఎన్ని నీళ్ళు? కన్ను కడగాలంటే నిమిషానికి లీటరున్నర చొప్పున కనీసం 15 నిమిషాలు పోయాలి. అంటే 22 లీటర్ల పైనే. ఒక బకెట్ చాలదు. కరెంటు పోతే నల్లా రాకపోవచ్చు. కనుక సోడా డబ్బా మూత తీసే ముందు పక్కన నిండు డ్రమ్ము, చెంబు ఉండాలి. ఒంటి మీద పడితే తడిసిన బట్టలు విప్పి 20 నిమిషాలు నీళ్ళు పోయాలి. నిమ్మరసమో వెనిగరో పోయకూడదు, పుండు మీద ఇంకా వేడి పుడుతుంది. మింగితే నోరు కడగాలి, వాంతి చేయించకూడదు. సోడా వచ్చిన దారిలోనే మళ్ళీ కాలుస్తుంది. ఎవరు 108 కి ఫోన్ చేయాలో, ఎవరు నీళ్ళు పోయాలో మనుషుల పేర్లతో రాశాను.

"సార్, సబ్బు బాగా వస్తే వచ్చేసారి కిలో నూనెతో చేద్దామా?" అని ఒక అమ్మాయి అడిగింది. చేయొచ్చు, కానీ ఈ కాగితంతో కాదు. పది రెట్లు సోడా కరిగితే పుట్టిన వేడి అంత తొందరగా బయటికి పోదు, చిందితే పడేది కూడా ఎక్కువ. ఈ కాగితం 100 గ్రాములకే. నూనె మారినా, గిన్నె మారినా, పరిమాణం మారినా నాలుగు గడులూ మళ్ళీ కొత్తగా నింపాల్సిందే.