మూడు యార్డులు, ఒక వరండా

వికారాబాద్‌లో ఒక బడి వరండాకు తాండూరు బండలు పరవాలి. కొలత 4,000 చదరపు అడుగులు. సీలు వేసిన కవర్లలో మూడు కొటేషన్లు వచ్చాయి, మూడూ తాండూరు నుంచే. ఎవరి దగ్గర కొనాలో, ఎందుకు కొనాలో రాసి కమిటీకి ఇచ్చే పని నాకు పడింది.

కవర్లు విప్పక ముందే మార్కులు పంచుకున్నాం. నాణ్యతకు 40, ధరకు 30, సమయానికి సరుకు చేర్చడానికి 20, బిల్లులూ పర్మిట్లూ సరిగా ఉండటానికి 10. రేట్లు చూశాక పంచితే చెయ్యి తెలియకుండానే నచ్చినవారి వైపు జరుగుతుంది. కవర్లు విప్పితే, రవాణాతో కలిపి అడుగు 28, 32, 35 రూపాయలు. సరుకు వివరం మాత్రం మూడింటిలోనూ ఒకటే: తాండూరు నీలి బండ, రెండడుగుల చదరం, అంగుళం మందం.

ఆ ఒక్క వాక్యం కింద ఎన్ని రాళ్లయినా దాక్కోగలవు. నాపరాయి భూమిలోనే పొరలు పొరలుగా ఉంటుంది. గనిలో పొరను లేపితే బండ వస్తుంది. పై పొర మందం కింది పొరకు ఉండదు, నీలి రంగులో బూడిద ఛాయ కూడా పొరపొరకూ మారుతుంది. అందుకే మేస్త్రిని వెంటబెట్టుకుని యార్డులకు వెళ్లాను.

బండలను వరసగా నిలబెట్టి పేరుస్తారు. ముందున్నది చూపిస్తారు, మేం నడిమి నుంచి లాగించాం. మొదటి యార్డులో ఒకే వరసలో ముప్పావు అంగుళం బండా ఉంది, అంగుళంపావు బండా ఉంది. పరిచేటప్పుడు పలచటి బండ కింద మాలు ఎక్కువ పోయాలి, ఆ ఖర్చు కొటేషన్‌లో ఉండదు. మేస్త్రి ఒక బండను సుత్తి పిడితో తట్టి చెవి పెట్టాడు. “ఇది పలుకుతలేదు సార్” అన్నాడు. నీళ్లు చల్లి ఆగాం. బండంతా ఆరినా వెంట్రుక లాంటి తడిగీత ఒకటి మిగిలింది. లోపల పగులున్న చోట నీరు ఆలస్యంగా ఆరుతుంది. ఇలాంటివి ఒకటీ రెండూ కావు.

మూడో యార్డు రాయి అన్నిటికన్నా మేలు. మందం సమానం, మిషన్ కోత, మూలమట్టం పెడితే వెలుతురు దూరదు. కానీ మాకు కావలసిన దానిలో సగమే సిద్ధంగా ఉంది. రెండో యార్డులో అంచులు అక్కడక్కడా చిన్నగా రాలాయి, మిగతా అంతా బాగుంది, సరుకు మొత్తం ఒకే పొర నుంచి తీసి పెట్టి ఉంది.

చాయ్ ముగ్గురూ ఇచ్చారు. ఎవరి చాయ్ బాగుందో మేస్త్రికీ నాకూ గుర్తుండిపోతుంది కాబట్టే, మార్కులు యార్డులోనే, తాగక ముందే, ఎవరికి వారం విడిగా వేసి తర్వాత సరాసరి తీశాం.

ధర మార్కుకు లెక్క తేలిక: అన్నిటికన్నా తక్కువ రేటును వారి రేటుతో భాగించి 30తో హెచ్చించాలి. అలా మొదటివారికి 30, రెండోవారికి 26.25, మూడోవారికి 24. నాణ్యతలో వరుసగా 18, 32, 36. సమయానికి 16, 15, 10. కాగితాలకు 6, 9, 10. మొత్తం 70, 82.25, 80.

మొదటివారు తప్పుకున్నారు, దానికి పెద్దగా ఆలోచన అక్కర్లేదు. మిగిలిన ఇద్దరి మధ్య తేడా రెండుంపావు మార్కులు. నాణ్యతకు 50, ధరకు 20 అని మార్చి చూశాను: రెండోవారికి 81.5, మూడోవారికి 81. మొదటి స్థానం మారలేదు గానీ, అర మార్కు మీద ఎవరినైనా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. మేస్త్రి ఒక నాణ్యత మార్కు అటు వేసి ఉంటే క్రమమే తిరగబడేది. రెండో దశాంశ స్థానం వరకూ రాస్తే కమిటీకి అది కచ్చితత్వంలా కనిపిస్తుంది. నిజానికి అది ఇద్దరి కళ్ల అంచనా.

కాబట్టి సిఫారసును అంకెలకు వదలకుండా కారణంతో రాశాను. మూడోవారి సరుకు రెండు విడతల్లో రావాలి. రెండో విడత మరో పొర నుంచి వస్తే వరండా మధ్యలో రంగు మారిన గీత పడుతుంది. జూన్‌లో బడి తెరిచేలోపు పని ముగియాలి కాబట్టి ఆగే వీలూ లేదు. రెండోవారి అంచుల లోపం పరిచేటప్పుడు సందుల్లో కప్పబడిపోతుంది, రంగు తేడా అలా కప్పబడేది కాదు. గడువు లేని పనైతే మూడోవారినే రాసేవాణ్ని, ఆ మాట కూడా నివేదికలో పెట్టాను.

షరతులు కొన్ని జోడించాను. మేం చూసిన వరసకు రంగు గుర్తు వేయించాలి. కొలత వికారాబాద్‌లో దింపాక తీయాలి, విరిగినవి లెక్కలోకి రావు. పదో వంతు డబ్బు పరిచాకే ఇవ్వాలి. అడ్వాన్సు చేరేలోపు ఆ వరస వేరొకరికి అమ్ముడైతే ఈ 82.25 చెల్లదు, మళ్లీ యార్డుకు వెళ్లాల్సిందే. మార్కులు పడ్డది ఆ వరసకు, వ్యాపారికి కాదు.