తాలింపులో ఉండి, పళ్లెంలో లేని తెల్లగడ్డ

మా కోసిగిలో ఉగ్గాని పక్కన పచ్చి ఎర్రగడ్డ ముక్కలు, మిరపకాయ బజ్జి లేకపోతే తిన్నట్టే ఉండదు. జొన్నరొట్టెకైతే ఎర్రగడ్డ, బుడ్డల పొడి చాలు, కూర కూడా అక్కర్లేదు. అలాంటి ఊళ్లో పెరిగినవాణ్ణి మెల్‌బోర్న్‌లో డైటీషియన్ ముందు కూర్చున్నాను. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అని డాక్టరు తేల్చాక ఆవిడ మొదట ఎర్రగడ్డను, తర్వాత తెల్లగడ్డను, ఆపైన పప్పును కొట్టేసింది. మరి మేం వండుకునేదేముంది?

ఆవిడ చెప్పింది ఫాడ్‌మ్యాప్‌లు తగ్గించే పద్ధతి. అది పుట్టింది ఈ మెల్‌బోర్న్‌లోనే. మోనాష్ యూనివర్సిటీకి చెందిన పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ఆ పేరు పెట్టారు. చిన్నపేగు సరిగా పీల్చుకోలేని కొన్ని రకాల పిండిపదార్థాలు, చక్కెరలన్నిటికీ కలిపి అదొక్క పేరు. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, గోధుమల్లో ఉండేవి ఫ్రక్టాన్లు. పప్పుల్లో ఉండేవి గెలాక్టో ఆలిగోశాకరైడ్లు. వీటిని విడగొట్టే ఎంజైము మనుషులెవరికీ లేదు. అవి అలాగే పెద్దపేగుకు చేరితే అక్కడి బాక్టీరియా పులియబెట్టి గ్యాసు చేస్తుంది. అందరికీ జరిగేది ఇదే. మాలాంటివాళ్ల పేగు నరాలు ఆ కాస్త ఉబ్బుకే నొప్పి అంటాయి, అంతే తేడా.

అమ్మకు ఫోన్లో చెబితే, "ఎర్రగడ్డ లేకుండా అదేం ఉగ్గానిరా?" అంది. ఆమె అడిగిందాంట్లో న్యాయముంది. జవాబు మాత్రం ఆమె తాలింపు గరిటెలోనే దొరికింది.

ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. తెల్లగడ్డ వాసన నూనెలోకి దిగుతుంది. కాబట్టి నాలుగు రెబ్బలు చితక్కొట్టి, చల్లటి నూనెలో వేసి సన్నమంట మీద పెడతాను. అవి బంగారు రంగుకు తిరగ్గానే ఒక్క ముక్క మిగలకుండా తీసేస్తాను. ఆ తర్వాతే ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు. ముక్కలు తీయకముందే టమోటాలు వేశామంటే పని చెడినట్టే, వాటి నీరు ఫ్రక్టాన్లను లాగేస్తుంది. పులుసులో ఎర్రగడ్డ వేసి ఉడికించి చివర్న ఏరేసినా లాభం లేదు, అప్పటికే అంతా పులుసులోకి దిగిపోయి ఉంటుంది. ఎర్రగా వేయించినా ఫ్రక్టాన్లు పోవు. ఇంకో జాగ్రత్త ఉంది. ఇంట్లో చేసిన తెల్లగడ్డ నూనెను సీసాలో పోసి బయట ఉంచకూడదు. గాలి తగలని నూనెలో బొటులిజం విషం తయారయ్యే ప్రమాదముంది. నేను ఏ పూటకాపూటే కాస్తాను.

ఉగ్గానిలో ఎర్రగడ్డ బదులు ఉల్లికాడల్లో ఆకుపచ్చ భాగం మాత్రం సన్నగా తరిగి వేస్తాను. తెల్లటి గడ్డవైపు కోసి ఇంట్లోవాళ్లకిస్తాను. బొరుగులు, బుడ్డలు ఇబ్బంది పెట్టవు. జొన్నరొట్టెకు అసలు అడ్డే లేదు, గోధుమ చపాతీ కన్నా అదే మేలు. ఇంగువ చిటికెడు వేసుకోవచ్చు. కొట్లో అమ్మే దానికి తరచూ గోధుమపిండి కలుపుతారు గనక ఎక్కువ వేయను.

పప్పుకూ ఇదే లెక్క. అందులోని చక్కెరలూ నీళ్లలో కరిగేవే. రాత్రి నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు ఎక్కువ పోసి ఉడికించి, పైతేట వంచేస్తాను. చారు కాచుకునే ఆ కట్టు పోతుందంటే ప్రాణం ఉసూరుమంటుంది గానీ నొప్పి పెట్టేది అందులోనే ఎక్కువ. పెసరపప్పు ఇలా వండితే ఉడికింది పావు కప్పు వరకు నాకు పడుతోంది. గిన్నెడు తింటే పడదు.

ఇదంతా జన్మంతా చేసేది కాదు, చాలామంది ఇక్కడే పొరబడతారు. కొన్ని వారాలు మానేశాక ఒక్కోదాన్నీ విడిగా తిని చూడాలి. ఎర్రగడ్డ వేరు, తెల్లగడ్డ వేరు, గోధుమ వేరు. మొదటిరోజు తెల్లగడ్డ పావు రెబ్బ, మర్నాడు సగం, మూడోనాడు ఒకటి. మిగతా తిండి మార్చకూడదు. నొప్పి వస్తే అక్కడే ఆపి, కడుపు కుదుటపడ్డాకే తర్వాతది చూడాలి. పడేవాటిని తిరిగి తినాలి, ఎందుకంటే ఎక్కువకాలం ఇవన్నీ మానేస్తే పేగుకు మేలుచేసే బైఫిడో బాక్టీరియా తగ్గుతుంది. నాకు పచ్చి ఎర్రగడ్డ పడలేదు, తెల్లగడ్డ సగం రెబ్బ దాకా పడింది. మీ లెక్క వేరుగా ఉండొచ్చు. ఈ పద్ధతి అసలు పనిచేయనివాళ్లూ ఉన్నారు.

గోధుమ మానేయకముందే సీలియాక్ రక్తపరీక్ష చేయించుకోండి, మానేశాక చేస్తే ఫలితం తప్పుగా రావచ్చు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలేపే విరేచనాలు, యాభై దాటాక కొత్తగా మొదలైన బాధ, వీటిలో ఏది ఉన్నా వంట మార్చడం తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.