అరవై మీటర్ల అవతలి వాల్వు

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఆ వర్క్‌షాపు చిన్నదే. ముందు భాగంలో షీట్‌మెటల్ పెట్టెలు నిలబెట్టి ఉన్నాయి, వెనక వైపు పొడుగాటి బల్లల మీద వైరింగ్ సాగుతోంది. మధ్య బల్ల మీద పడుకోబెట్టిన పానెల్ మాత్రం కొత్తది కాదు. కోళ్ల దాణా ఫ్యాక్టరీలో బస్తాలు నింపే లైనుకు రెండేళ్లుగా పనిచేసి, ఇక వేగలేమని అక్కడివాళ్లు విప్పి పంపించినది. దాన్ని కట్టింది వేరే వర్క్‌షాపు. ఇప్పుడు బాగుచేసే బాధ్యత ఇక్కడి డిజైన్ ఇంజినీరు మీద పడింది. ఆవిడ దగ్గర పాతికేళ్ల అనుభవమున్న వైర్‌మన్ ఒకరు ఉన్నారు. ఆయన ఆవిడను ‘మేడమ్’ అంటారు, ఆవిడ ఆయన్ని ‘అన్నా’ అని పిలుస్తుంది.

పానెల్‌తోపాటు వచ్చిన కాగితం మీద మూడు ఫిర్యాదులున్నాయి. పొద్దున్నే ఆన్ చేస్తే హెచ్‌ఎంఐ తెర రెండు మూడుసార్లు వెలిగి ఆరి, ఆ తర్వాతగానీ నిలబడదు. దూరంగా బస్తా మూతిని పట్టుకునే క్లాంపులు ఒక్కోసారి సగం పట్టి వదిలేస్తాయి. పానెల్‌కు దగ్గరలో ఉన్న వాల్వుల కాయిళ్లు వేసవిలో వరసగా కాలిపోతున్నాయి. చదివితే మూడూ వేరువేరు జబ్బుల్లా అనిపిస్తాయి. ఆవిడ మాత్రం పెన్ను తీసి, మూడింటికీ కలిపి ‘24 వోల్టులు’ అని ఒకే గుండ్రం చుట్టింది.

ముందు లోడ్ల లెక్క వేశారు. పీఎల్‌సీ, దాని మాడ్యూళ్లు కలిపి 0.8 ఆంపియర్లు. హెచ్‌ఎంఐకి 0.5. సెన్సర్లన్నిటికీ 0.4. నెట్‌వర్క్ స్విచ్, రిలేలు, టవర్ ల్యాంపు ఒక్కొక్క పద్దుకు 0.2 చొప్పున 0.6. దగ్గరున్న ఆరు వాల్వులకు 1.2, దూరాన ఉన్న ఎనిమిదింటికి 1.6. అన్నీ కూడితే 5.1 ఆంపియర్లు. పానెల్‌లో ఉన్నదేమో 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్. వాల్వులన్నీ ఒకేసారి ఎత్తవు కదా అని పాత డిజైనరు అనుకుని ఉండాలి. కానీ బస్తా మూతి పట్టే క్షణంలో దూరపు వాల్వులు ఎనిమిదీ ఒక్కసారే ఎత్తుతాయి.

అయిదు ఆంపియర్లు అనేది కూడా చల్లటి గదిలో మాటే. ఈ ఎస్‌ఎంపీఎస్ డేటాషీట్ ప్రకారం 50 డిగ్రీలు దాటాక డిగ్రీకి 2.5 శాతం చొప్పున తగ్గించుకోవాలి. మే నెలలో రేకుల షెడ్డులో మూసి ఉన్న పెట్టె లోపల 60 డిగ్రీలు ఉన్నాయంటే, అయిదు ఆంపియర్లది మూడుముప్పావు మాత్రమే ఇవ్వగలదు. పది ఆంపియర్లదైతే అదే వేడిలో ఏడున్నర ఇస్తుంది. 5.1 మీద పాతిక శాతం అదనంగా వేసుకున్నా 6.4. అందుకే పదిది ఎంచుకున్నారు.

హెచ్‌ఎంఐ ఎందుకు ఆరిపోయి వెలుగుతోందో చూపించడానికి వైర్‌మన్ పాత ఎస్‌ఎంపీఎస్‌నే బిగించి ఆన్ చేశారు. తెర మీద బొమ్మ వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఎస్‌ఎంపీఎస్ మీది పచ్చ దీపం కూడా దాంతోపాటే మిణుకుమంది. హెచ్‌ఎంఐ, పీఎల్‌సీ, స్విచ్‌ల లోపల కెపాసిటర్లు ఉంటాయి. ఖాళీగా ఉన్నవన్నీ ఒక్కసారి నిండబోయేసరికి, కొన్ని మిల్లీసెకండ్ల పాటు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు గుంజుతాయి. పైగా వాటి లోపలి కన్వర్టర్లకు కావలసిన పవర్ మారదు కాబట్టి, వోల్టేజీ తక్కువగా ఉన్నంతసేపూ ఇంకా ఎక్కువ కరెంటు అడుగుతాయి. చిన్న ఎస్‌ఎంపీఎస్ తన పరిమితికి తగిలి చేతులెత్తేస్తుంది, కాసేపాగి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇదే కారణమని తేల్చుకోవడానికి ఆయన పద్ధతి సులువైనది. హెచ్‌ఎంఐ ప్లగ్గు లాగేసి పానెల్ ఆన్ చేసి, అంతా నిలకడగా వెలిగాక ప్లగ్గు పెట్టారు. తెర ఒక్కసారికే నిలబడింది. అంటే అది చెడిపోలేదు, అందరూ కలిసి ఒకే క్షణంలో అడగడమే సమస్య.

ఏసీ వైపు కూడా ఇలాంటి గుంజుడే ఉంది. పెద్ద ఎస్‌ఎంపీఎస్ 230 వోల్టుల మీద నడిచేటప్పుడు రెండు ఆంపియర్లకు మించదు గానీ, ఆన్ చేసిన క్షణంలో నలభై యాభై ఆంపియర్ల దాకా పోవచ్చు. దాన్ని అణచడానికి లోపల పెట్టే థర్మిస్టర్ చల్లగా ఉన్నప్పుడే సరిగ్గా అడ్డుకుంటుంది. కరెంటు పోయి రెండు సెకన్లలో తిరిగి వస్తే అది ఇంకా వేడిగానే ఉంటుంది, అడ్డు పలచబడుతుంది. పల్లెటూరి ఫీడర్ల మీద ఇది రోజూ జరిగేదే. అందుకని ముందున్న బి-6 ఎంసీబీ తీసి సి-6 పెట్టారు. బి రకం తన రేటింగ్‌కు మూడు నుంచి అయిదు రెట్ల దగ్గరే ఎగిరిపోతుంది, సి రకం అయిదు నుంచి పది రెట్ల దాకా ఓర్చుకుంటుంది.

ఇక అసలు కథ కేబుల్‌ది. దూరపు వాల్వులకు వెళ్లేది 0.75 స్క్వేర్ ఎంఎం కేబుల్, పొడవు 60 మీటర్లు. వైర్‌మన్ అంతే పొడవున్న చుట్టను నేల మీద పెట్టి, ఆ చివర ఎనిమిది కాయిళ్లు కట్టారు. పానెల్ దగ్గర 24 వోల్టులు. కాయిళ్ల దగ్గర మీటరు పెడితే 19.9. పొలం చివరి మడికి పైపులో నీళ్ల ఒత్తిడి తగ్గినట్టే ఇదీ, కాకపోతే ఇక్కడ దారి రెండింతలు. కరెంటు వెళ్లిన 60 మీటర్లూ తిరిగి రావాలి గనక లెక్కలోకి వచ్చేది 120 మీటర్లు. ఈ తీగకు కిలోమీటరుకు 26 ఓములు, అంటే మొత్తం 3.12 ఓములు. 1.6 ఆంపియర్లతో గుణిస్తే అయిదు వోల్టులు. మీటరులో అంత పడలేదేమని అడిగాను. వోల్టేజీ తగ్గితే కాయిల్ తీసుకునే కరెంటూ తగ్గుతుంది, అందుకే నాలుగు దగ్గర ఆగిందని ఆవిడ చెప్పింది. తగ్గిన ఆ కరెంటే కాయిల్ బలాన్నీ తగ్గిస్తుంది. వాల్వు తయారీదారు ఒప్పుకునేది పది శాతం తేడా, అంటే 21.6 వోల్టుల వరకు. కాయిల్ బాగా వేడెక్కాక ఇంకా నీరసిస్తుంది, క్లాంపు సగంలో వదిలేస్తుంది.

కాయిళ్లు కాలడానికి కారణం కూడా ఇక్కడే దొరికింది. క్లాంపులు పట్టడం లేదని ఫ్యాక్టరీలో ఎవరో ఎస్‌ఎంపీఎస్ మీది చిన్న స్క్రూ తిప్పి 27 వోల్టులకు పెంచారు. దూరపు వాల్వులకు 22 దాటింది, అవి పనిచేశాయి. దగ్గరి వాల్వులకు మాత్రం నిండా 27 అందింది. వాటి పైహద్దు 26.4. వోల్టేజీ ఎనిమిదో వంతు పెరిగితే కాయిల్‌లో వేడి నాలుగో వంతుకు పైగానే పెరుగుతుంది. సెన్సర్లు చాలావరకు పది నుంచి ముప్ఫై వోల్టుల మధ్య ఎక్కడైనా బతుకుతాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తీగలో ఉన్న లోటును స్క్రూతో పూడ్చకూడదని నాకు అక్కడ కళ్లారా అర్థమైంది.

ఆవిడ ఆ తర్వాత చేసిన పరీక్ష నన్ను నిజంగా కలవరపెట్టింది. చుట్ట రెండో చివరన రెండు తీగలనూ కలిపేసి షార్ట్ చేయించింది. మధ్యలో పాత పానెల్‌లో 24 వోల్టుల వైపున్న సి-6 ఎంసీబీ, వెనక కొత్త పది ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్. స్విచ్ వేశారు. ఏమీ జరగలేదు. ఎంసీబీ కదల్లేదు, పచ్చ దీపం చెక్కుచెదరకుండా వెలుగుతోంది. క్లాంప్ మీటరులో 7.7 ఆంపియర్లు. 24 వోల్టులను 3.12 ఓములతో భాగిస్తే వచ్చేదే అది, అంతకు మించి ఆ తీగ పోనివ్వదు. ఆరు ఆంపియర్ల ఎంసీబీకి 7.7 అంటే 1.28 రెట్లు. ప్రమాణం ప్రకారం 1.13 రెట్ల దగ్గర అది గంటసేపు ఎగరకూడదు, 1.45 రెట్ల దగ్గర గంటలోపు ఎగరాలి. ఈ రెండింటి మధ్య హామీ లేదు. ఈలోగా 185 వాట్ల వేడి ఆ చుట్టలోకి దిగుతోంది. కాసేపటికి వైర్‌మన్ చెయ్యి పెట్టి చూసి, ‘మేడమ్, ఇక చాలు’ అన్నారు.

పాత అయిదు ఆంపియర్లదైతే ఈ షార్ట్‌కు కుప్పకూలి, లైను మొత్తం ఆగిపోయి, కనీసం తప్పు బయటపడేది. పదిది పెట్టేసరికి షార్ట్ దాక్కుంది. మిషన్ ఆగి ఉన్నప్పుడు మిగతా లోడ్లు రెండు ఆంపియర్ల పైచిలుకే, వీటికి 7.7 కలిపినా పది దగ్గరే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ పెద్దది వేస్తే అన్నీ సర్దుకుంటాయనుకోవడం ఎంత ప్రమాదమో ఇంతకంటే తేటగా చూపించలేం.

మరి లావు తీగ వేస్తే? 1.5 స్క్వేర్ ఎంఎంతో చివర 21.7 వోల్టులు వస్తాయి, వేసవి వేడికి తీగ నిరోధం పెరిగితే అదీ హద్దు కిందకి జారుతుంది. 2.5తో 22.5 నిలుస్తుంది. అదే ఖాయం చేశారు. కానీ అంత లావు తీగలో షార్ట్ అయితే లెక్క ప్రకారం 25 ఆంపియర్లు పోవాలి, ఎస్‌ఎంపీఎస్ 12, 15కు మించి ఇవ్వలేదు. సి-6 తక్షణం ఎగరాలంటే ఏసీలోనే 30 నుంచి 60 కావాలి, డీసీలో దాదాపు ఒకటిన్నర రెట్లు. ఆ కరెంటు ఈ పెట్టెలో ఎప్పటికీ పుట్టదు. వోల్టేజీ పడిపోతుంది, ఒక వాల్వు తీగ నలిగినందుకు పీఎల్‌సీ కూడా ఆరిపోతుంది.

కాబట్టి ఆ ఎంసీబీ స్థానంలో ఎలక్ట్రానిక్ బ్రేకర్ వచ్చింది. అది మాగ్నెట్ కోసం, వేడి కోసం ఎదురుచూడదు. కరెంటును తానే కొలిచి, హద్దు దాటితే బిగబట్టి, ఆ చానెల్‌ను మాత్రమే కోసేస్తుంది. దూరపు వాల్వులకు 2 ఆంపియర్ల చానెల్, దగ్గరివాటికి ఇంకో 2, పీఎల్‌సీకి వేరు, హెచ్‌ఎంఐ, స్విచ్‌లకు వేరు. చానెళ్లు ఒకదాని తర్వాత ఒకటి తెరుచుకుంటాయి గనక పొద్దుటి గుంజుడు కూడా విడిపోయింది. అంత డబ్బు పెట్టలేని పానెళ్లలో ఏం చేస్తారని అడిగితే, ఆవిడ దీపమున్న ఫ్యూజ్ టెర్మినల్ చూపించింది. పాత 0.75 తీగకు కూడా అందులో 2.5 ఆంపియర్ల ఫాస్ట్ గాజు ఫ్యూజు ఉండి ఉంటే, 7.7 అంటే మూడు రెట్లు కాబట్టి రెండు సెకన్లలోపే కరిగిపోయేది. లావు తీగలో షార్ట్ అయినా కరుగుతుంది గానీ, ఆ కొద్ది సేపట్లో పీఎల్‌సీ నిలుస్తుందని చెప్పలేం. పీఎల్‌సీలు ఓర్చుకునేది పది మిల్లీసెకండ్ల పాటి గండినే.

సాయంత్రానికి 2.5 చుట్ట వేసి మళ్లీ పరీక్షించారు. ఎనిమిది కాయిళ్లూ ఎత్తినప్పుడు చివర 22.5 వోల్టులు, పానెల్ దగ్గర స్క్రూ 24కే. చివర షార్ట్ చేస్తే ఆ చానెల్ ఎర్రగా వెలిగి తెగిపోయింది, హెచ్‌ఎంఐ తెర రెప్ప వేయలేదు. కొత్త డ్రాయింగులో ప్రతి 24 వోల్టుల తీగ పక్కనా ఆవిడ రెండు అంకెలు రాయించింది: నిండు లోడ్‌లో చివర మిగిలే వోల్టేజీ, చివర షార్ట్ అయితే పారగల కరెంటు. రెండో అంకె ఫ్యూజును తెంచలేనంత చిన్నదిగా ఉంటే ఆ డ్రాయింగు వైరింగ్ బల్ల మీదికి పోదు. దాణా ఫ్యాక్టరీకి పంపే చీటీలో పాత కేబుల్ ట్రేలోంచి 0.75 తీసేసి 2.5 లాగాలని, ఎస్‌ఎంపీఎస్ స్క్రూ మీద వేసిన పెయింటు చుక్క చెరపవద్దని రాశారు.