అర ఇంచి లూజు

పోయినేడాది నేనో కవిత రాశాను. పద్దెనిమిది లైన్లు. దాన్ని ఫోన్ స్క్రీన్‌లో పట్టేలా కుదించి పోస్ట్ చేస్తే, నా పోస్టులకి ఎప్పుడూ రానన్ని లైకులు వచ్చాయి. ఆ రాత్రే అమ్మ ఫోన్ చేసింది. "బావుందిరా. కానీ ఇది రెడీమేడ్ చొక్కాలా ఉంది. ఎవరి నాన్నకైనా సరిపోతుంది" అంది.

మా నాన్న టైలర్. రెడీమేడ్ అన్న మాట మా ఇంట్లో మెచ్చుకోలు కాదు.

ముందు అసలు కవిత చూడండి. దాన్ని ఎక్కడెక్కడ కత్తిరించానో చెప్పాలంటే మొత్తం గుడ్డ మీ ముందు పరచాలి కదా.

నాన్న వెళ్ళిపోయి ఏడాది అయింది
ఇల్లంతా ఇంకా ఆయన జ్ఞాపకాలే
మూలన మూగబోయిన కుట్టుమిషను
దాని మీద పేరుకున్న దుమ్ము
సొరుగులో దొరికింది కొలతల పుస్తకం
ఊళ్ళో అందరి ఛాతీలూ భుజాలూ అందులో ఉన్నాయి
నా పేరుకీ ఒక పేజీ ఉంది
ఇరవై రెండు అంగుళాలతో మొదలై
ఏడాదికో వరస
చివరి వరస ముప్పై ఎనిమిది
పక్కన పెన్సిల్‌తో 'అరంగుళం వదులు'
అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు
నేనింకా పెరుగుతాననుకున్నాడేమో
నాన్నల ప్రేమ ఇంతే కదా
ఎప్పుడూ చెప్పరు
కొలిచి మరీ దాచుకుంటారు
ఇప్పుడు ఏ చొక్కా వేసుకున్నా
గుండె దగ్గర బిగుతుగానే ఉంటుంది

ఇది ఎక్స్‌లో పట్టదు. అక్కడ మామూలు అకౌంట్‌కి 280 క్యారెక్టర్లే. పైగా తెలుగులో ఆ లెక్క మన కంటికి కనిపించే అక్షరాల లెక్క కాదు. 'ముప్పై' మనకి రెండక్షరాలు. సిస్టమ్‌కి మాత్రం మ, ఉకారం, ప, పొల్లు, ఇంకో ప, ఐత్వం, మొత్తం ఆరు. అందుకే మనం రాసింది తక్కువే అనిపించినా లిమిట్ ముందే అయిపోతుంది.

సరే అని కుదించాను. లైకులు తెచ్చుకున్న ఆ మొదటి కుదింపు ఇదీ:

నాన్న లేడు
ఆయన కుట్టిన ప్రేమ మాత్రం
ఇంకా నన్ను కప్పుతూనే ఉంది

ఇక్కడ నేను చేసిన పని ఏంటో అమ్మ మాట విన్నాకే అర్థమైంది. 'ఈ కవిత దేని గురించి?' అని నన్ను నేను అడుగుకుని, ఆ జవాబునే మూడు లైన్లుగా విరగ్గొట్టాను. అంటే కవితని కుదించలేదు, దాని సారాంశం రాశాను. పుస్తకం పోయింది, పెన్సిల్ పోయింది, ముప్పై ఎనిమిది పోయింది. 'ప్రేమ' ఒక్కటే మిగిలింది. అది పద్దెనిమిది లైన్లలో అందరికీ ముందే తెలిసిన మాట.

ఇంజినీరింగ్‌లో కంప్రెషన్ గురించి చదువుకున్న మనిషిని, ఈ తప్పు చెయ్యకూడదు. ఏ ఫైల్ కుదించినా సూత్రం ఒకటే. పక్కనున్నదాన్ని బట్టి ఊహించగలిగే భాగానికి తక్కువ చోటు చాలు, ఊహించలేని భాగానికే చోటు కావాలి. క్లాడ్ షానన్ 1951లో ఇంగ్లిష్ మీద దీన్నే కొలిచాడు. మనుషులకి ఒక వాక్యంలో కొంత చూపించి, తర్వాతి అక్షరం ఏంటో ఊహించమన్నాడు. తేలిగ్గా ఊహించిన అక్షరం కొత్తగా మోసుకొచ్చే సమాచారం తక్కువన్నమాట. నేను సరిగ్గా దీనికి తిరగేసి చేశాను. ఎవరైనా ఊహించగలిగేది ఉంచాను, ఎవరూ ఊహించలేనిది పారేశాను.

అందుకని షానన్ ఆట మా రూమ్మేట్‌తో ఆడాను. వాడికి కవితలంటే పెద్ద ఆసక్తి లేదు, ఈ పనికి అదే మంచిది. పెద్ద కవిత కాగితం మీద రాసి, కింది లైన్లు చేత్తో మూసి, ఒక్కో లైన్ చూపిస్తూ తర్వాత ఏం వస్తుందో చెప్పమన్నాను.

'నాన్న వెళ్ళిపోయి ఏడాది అయింది' చూడగానే "ఇంక జ్ఞాపకాలు వస్తాయి" అన్నాడు. కుట్టుమిషను దగ్గర "దుమ్ము పట్టి ఉంటుంది" అన్నాడు. 'నాన్నల ప్రేమ ఇంతే కదా' తర్వాత "బయటికి చెప్పరు" అని నాకంటే ముందే పూర్తి చేశాడు. ఆ లైన్లన్నీ కొట్టేశాను. అవి తప్పుడు లైన్లని కాదు. పాఠకుడు వాటిని తన వెంట తెచ్చుకుంటాడు, నేను మళ్ళీ ఇవ్వక్కర్లేదు.

వాడు ఆగిపోయింది రెండు చోట్ల. పెన్సిల్ రాత దగ్గర ఒకటి, చివర 'గుండె దగ్గర బిగుతు' దగ్గర ఒకటి. రెండోది విని "అబ్బ!" అన్నాడు కూడా.

ఇక్కడో చిక్కుంది. ఊహించలేనిదల్లా ఉంచాలంటే కవితలో ఏదో ఒక ఫోన్ నెంబర్ రాసినా సరిపోతుంది, దాన్నీ ఎవరూ ఊహించలేరు. కాబట్టి రెండో ప్రశ్న ఒకటి వేసుకోవాలి: ఈ ముక్క తీసేస్తే మిగతా వాటిల్లో ఏదైనా చచ్చిపోతుందా? 'ఇరవై రెండు' తీసి చూశాను, ఏమీ కాలేదు. 'ఊళ్ళో అందరి ఛాతీలూ' తీశాను, ఏమీ కాలేదు. 'ముప్పై ఎనిమిది' తీస్తే మాత్రం పెన్సిల్ రాతకి ఆధారం లేకుండా పోయింది. అది ఉండాల్సిందే.

మరి 'గుండె దగ్గర బిగుతు'? తీయడానికి నాకు అన్నిటికంటే కష్టమైంది అదే. కానీ అది ఉంటే చదివేవాడి చూపు నాన్న రాసిన 'వదులు' మీంచి నా 'బిగుతు' మీదకి జారిపోతోంది. పద్దెనిమిది లైన్లలో రెండు ముగింపులు ఇమిడిపోతాయి. ఆరు లైన్లలో ఒక్కదానికే చోటుంటుంది. తీసి పక్కన పెట్టుకున్నాను, ఇంకో కవితకి పనికొస్తుందేమో.

అలా మిగిలింది ఇది:

నాన్న కొలతల పుస్తకంలో
నా పేజీలో చివరి వరస
ఛాతీ ముప్పై ఎనిమిది
పక్కన పెన్సిల్‌తో
అరంగుళం వదులు

ఆఫీసులో పక్క సీటు అమ్మాయికి చూపించాను. చదివి, "చిన్నప్పటి కొలతలా?" అంది. అప్పుడు తెలిసింది, ఈసారి ఎక్కువ కత్తిరించానని. ముప్పై ఎనిమిది అంటే పెద్దవాడి ఛాతీ అని టైలర్ కొడుకుగా నాకు తెలుసు, అందరికీ తెలియాలనేముంది? నా బుర్రలో ఉంది కాబట్టి కాగితం మీద కూడా ఉందనుకున్నాను. వయసు వెనక్కి రావాల్సిందే. కుదించిన కవిత అర్థం కాలేదని ఎవరైనా అంటే అది లోతుగా ఉందని మురిసిపోకూడదు. వాళ్ళు ఏ ప్రశ్న అడిగారో చూడాలి. ఆ ప్రశ్నకి జవాబైన ఒక్క ముక్కనే తిరిగి పెట్టాలి.

వయసు పెట్టి అమ్మకి పంపాను. కాసేపటికి ఫోన్. "మీ నాన్న ఏనాడన్నా వదులు అన్నాడట్రా? అంగుళం అన్నాడా?"

పుస్తకం తెరిచి చూశాను. నిజమే, 'అర ఇంచి లూజు' అని ఉంది. కవిత కదా అని నేనే దానికి పంచె కట్టాను. అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. "పెద్దవాళ్ళకి లూజు ఎంతో ఆయన చేతికే తెలుసు, రాసేవాడు కాదు. స్కూలు పిల్లల బట్టలకే రాసుకునేవాడు, ఏడాది తిరిగేసరికి ఎదుగుతారని."

ఇది విన్నాక, ఈ సంగతి కూడా కవితలో పెట్టెయ్యాలని చెయ్యి లాగింది. 'ఎదిగే పిల్లాడు' అని చివర ఒక్క లైన్ చాలు. కానీ నాన్న ఆ మాట రాయలేదు. ఇరవై మూడు, ముప్పై ఎనిమిది, అర ఇంచి లూజు, ఈ మూడూ పక్కపక్కన ఉంటే ఆ లెక్క పాఠకుడే వేసుకోగలడా అన్నది చూడాలనుకున్నాను.

ఇక మిగిలింది స్క్రీన్ పని. ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదివేవాళ్ళు చాలామంది, మా అమ్మతో సహా. లైన్ పొడవైతే సగంలో విరిగి, 'ముప్పై' పైన, 'ఎనిమిది' కింద పడుతుంది. ఫొటోగా పెడితే లైన్లు విరగవు గానీ ఫోన్‌లో అక్షరాల సైజు పెంచుకున్నా అవి పెద్దవి కావు, పైకి చదివి వినిపించే యాప్‌లకీ కష్టం. అందుకే టెక్స్ట్‌గానే ఉంచి, ఏ లైనూ పదక్షరాలు దాటకుండా చూసుకున్నాను.

నాన్న కొలతల పుస్తకంలో
నా పేజీలో చివరి వరస
ఇరవై మూడో ఏట
ఛాతీ ముప్పై ఎనిమిది
పక్కన పెన్సిల్‌తో
అర ఇంచి లూజు

సిస్టమ్ లెక్కలో 105 క్యారెక్టర్లు. ఇంకా తగ్గించొచ్చేమో. ఎన్.గోపి గారు 1997లో మొదలుపెట్టిన నానీలు నాలుగు లైన్లలో ఇరవై నుంచి పాతిక అక్షరాలే, ఇది దానికి దాదాపు రెట్టింపు. కానీ నానీ ఆ కొలతకే పుడుతుంది. నాది పెద్ద చొక్కా విప్పి మళ్ళీ కుట్టింది. ఇంకో కుట్టు లోపలికి వేస్తే భుజాల దగ్గర పట్టేస్తుంది. వయసు తీసినప్పుడు అదే జరిగింది.

పక్క సీటు అమ్మాయికి మళ్ళీ చూపించాను. ఈసారి బావుందనలేదు. కాసేపాగి, "మా అమ్మ స్కూల్ యూనిఫాం ఎప్పుడూ ఒక సైజు పెద్దదే కొనేది. పదో క్లాస్‌లో కూడా" అంది. నేను రాయని 'ఎదిగే పిల్లాడు' తనకి దొరికాడు. అప్పట్నుంచి నా కొలత ఇదే. 'సూపర్' అంటే కవిత అక్కడితో అయిపోయినట్టు. వాళ్ళ సంగతి చెప్పడం మొదలుపెడితే, నేను తీసేసిన చోట వాళ్ళు వచ్చి కూర్చున్నట్టు.

ఈ పోస్ట్‌కి మొదటిదానికి వచ్చిన లైకుల్లో సగం కూడా రాలేదు. అమ్మకి మాత్రం ఇదే నచ్చింది. "ఇప్పుడు మీ నాన్నలా ఉంది" అంది. తర్వాత మెల్లగా, "చివరి వరస అని రాశావు, జనం ఆయన పోయాడు కాబట్టి చివరిదనుకుంటారు కదా?" అని అడిగింది.

నేనేం మాట్లాడలేదు. ఇరవై మూడో ఏట నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత చొక్కాలన్నీ ఆన్‌లైన్‌లోనే కొన్నాను. నాన్న ఇంకో నాలుగేళ్ళు మిషను తొక్కుతూనే ఉన్నాడు.

పద్దెనిమిది లైన్లు రాసినప్పుడు ఈ సంగతి ఎక్కడా రాయలేకపోయాను. ఆరు లైన్లలో, 'చివరి' అన్న ఒక్క మాటలో, అది ఉంది. అమ్మకీ నాకూ కనిపిస్తుంది.